కంటి వెనక ఒకవైపు పోటు: మైగ్రేనా, క్లస్టర్ తలనొప్పా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో నా దగ్గరికి వచ్చే తలనొప్పి రోగులలో తెలుగువారు చాలామంది ఉన్నారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేవారు కొందరు, వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కె.ఆర్. పురం ప్రాంతాలలో స్థిరపడినవారు కొందరు. వారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. తల అంతటా వచ్చే నొప్పి గురించి కాక, ఒక కంటి వెనక మొదలై కణత దాకా పాకే నొప్పి గురించే ఇందులో రాశాను, ఎందుకంటే రోగులూ వైద్యులూ ఎక్కువగా పొరబడేది అక్కడే.

ఒక కంటి వెనక నాడి కొట్టుకున్నట్టు నొప్పి వస్తే అది మైగ్రేనే అనుకోవచ్చా?

లెక్క ప్రకారం చూస్తే మైగ్రేన్ అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. మన పెద్దలు పార్శ్వపు నొప్పి అని పిలిచినది చాలావరకు ఇదే. బెంగళూరు నగరంలోను, చుట్టుపక్కల పల్లెలలోను ఇంటింటికీ తిరిగి జరిపి, 2015లో ప్రచురించిన ఒక సర్వేలో, ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవారు పెద్దలలో సుమారు 25 శాతం ఉన్నట్టు తేలింది. క్లస్టర్ తలనొప్పి అలా కాదు. అది సుమారు వెయ్యి మందిలో ఒకరికి వచ్చే జబ్బు.

అయితే ఈ లెక్కే ఆ ఒక్కరి పాలిట చిక్కు అవుతుంది. ఒకవైపు నొప్పి అనగానే వినేవారు మైగ్రేన్ అనుకుంటారు, ఆ పేరే చీటీ మీద పడుతుంది, ఏళ్ల తరబడి దానికి సంబంధించిన మందులే నడుస్తాయి. రెండు జబ్బులలోనూ నొప్పి ఒకవైపు రావచ్చు, రెండింటిలోనూ కంటి వెనక రావచ్చు, రెండింటిలోనూ కొట్టుకుంటున్నట్టు ఉండవచ్చు. అందువల్ల నొప్పి ఉన్న చోటు, దాని తీరు ఈ రెండింటినీ విడదీయలేవు.

చోటును బట్టి తేలకపోతే మరి దేన్ని బట్టి తేలుతుంది?

గడియారాన్ని బట్టి తేలుతుంది. మందు వేసుకోని మైగ్రేన్, లేదా వేసుకున్నా పనిచేయని మైగ్రేన్, పెద్దవారిలో 4 గంటల నుంచి 72 గంటల వరకు ఉంటుంది. క్లస్టర్ తలనొప్పి ఒక్కో దాడి 15 నిమిషాల నుంచి 180 నిమిషాల వరకు ఉంటుంది. ఒకటి పూటల లెక్కన నడిచే నొప్పి, మరొకటి నిమిషాల లెక్కన నడిచే నొప్పి. అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణలో ఉన్న ఈ కొలతలు ఒకదానినొకటి తాకకపోవడం మనకు కలిసివచ్చే విషయం.

కానీ రోగి నోట ఈ సమయం సరిగ్గా రావడం చాలా కష్టం. "ఎంతసేపు ఉంటుంది?" అని అడిగితే, క్లస్టర్ ఉన్న మనిషి "రోజంతా ఉంటుంది డాక్టర్‌గారూ" అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆయన అబద్ధం చెప్పడం లేదు. రోజుకు మూడు నాలుగు దాడులు వస్తుంటే, వాటి మధ్య గంటలు కూడా భయంతో, మందకొడి నొప్పితో గడుస్తుంటే, అదంతా ఆయనకు ఒకే నొప్పిగా గుర్తుంటుంది. అందుకే నేను ప్రశ్న మార్చి అడుగుతాను: "భరించలేనంత నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని గంటలకు దిగింది?" ఈ రెండు సమయాలను వరుసగా రెండు వారాలపాటు ఒక కాగితం మీద రాసి తెస్తే, చాలా సందర్భాలలో సగం రోగనిర్ధారణ ఆ కాగితం మీదే ఉంటుంది.

ఎన్నిసార్లు వస్తుందనేది కూడా అదే కాగితం చెబుతుంది. క్లస్టర్ విడత నడుస్తున్నప్పుడు రెండు రోజులకు ఒకటి మొదలుకొని రోజుకు ఎనిమిది వరకు దాడులు రావచ్చు. ఎక్కువమందిలో ఈ విడత కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు నడిచి, తరువాత నెలలపాటో, ఏళ్లపాటో పూర్తిగా మాయమవుతుంది. మైగ్రేన్ ఇలా రోజుకు మూడుసార్లు వచ్చి పోదు.

నొప్పి వచ్చినప్పుడు మనిషి ఎలా ప్రవర్తిస్తాడన్నది ఎందుకు అడుగుతారు?

కొలతల తరువాత నేను ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే. మైగ్రేన్ వచ్చిన మనిషి కదలడానికి ఇష్టపడరు. తలుపులు వేసి, లైటు ఆర్పి, చున్నీయో తువ్వాలో తలకు బిగించి కట్టుకుని పడుకుంటారు. రెండు మెట్లు ఎక్కినా, వంగి చెప్పులు తీసుకున్నా పోటు పెరుగుతుంది. పక్క గదిలో కుక్కర్ విజిల్ కూడా తలలో మోగినట్టు ఉంటుంది. వికారం, వాంతి తోడవుతాయి.

క్లస్టర్ వచ్చిన మనిషి పడుకోలేడు. పడుకుంటే నొప్పి ఎక్కువైనట్టు అనిపిస్తుంది. గదిలో అటూ ఇటూ తిరుగుతాడు, కుర్చీలో కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతాడు, అరచేతితో కన్నును అదుముకుంటాడు, కొందరు తలను గోడకు కొట్టుకుంటారు కూడా. ఇది చూసిన ఇంట్లోవారు హడలిపోతారు, కొన్ని ఇళ్లలో దీన్ని మానసిక సమస్యగా పొరబడి వేరే దారులు పట్టడం కూడా జరుగుతుంది. ఈ అశాంతి జబ్బు లక్షణం. ఇది వర్గీకరణలోనే చేరి ఉంది.

ఈ సంగతి రోగి కంటే ఆ గదిలో పక్కన ఉన్నవారే బాగా చెప్పగలరు. అందుకని మొదటిసారి వచ్చేటప్పుడు, నొప్పి సమయంలో చూసినవారిని ఒకరిని వెంట తీసుకురమ్మంటాను.

కన్ను ఎర్రబడి నీరు కారితే అది క్లస్టర్ అని తేలినట్టేనా?

తేలినట్టు కాదు, ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. నొప్పి ఉన్న వైపే కన్ను ఎర్రబడడం, ధారగా నీరు కారడం, అదే వైపు ముక్కు దిబ్బడ వేయడం లేదా కారడం, రెప్ప వాయడం, నుదురు చెమర్చడం, పైరెప్ప వాలి కనుపాప చిన్నది కావడం క్లస్టర్ తలనొప్పికి ప్రసిద్ధమైన గుర్తులు. ముఖం నుంచి నొప్పిని మోసే ట్రైజెమినల్ నాడి మెదడు కాండంలోకి చేరిన చోట, కన్నీటి గ్రంథికీ ముక్కు పొరలకూ ఆజ్ఞలిచ్చే నాడీకణాలు దానితో ముడిపడి ఉంటాయి. నొప్పి సంకేతం ఉధృతంగా వస్తే ఆ ముడి ద్వారా కన్ను, ముక్కు కూడా స్పందిస్తాయి.

ఈ ముడి అందరిలోనూ ఉన్నదే కాబట్టి మైగ్రేన్‌లోనూ అది మేల్కొంటుంది. మైగ్రేన్ ఉన్నవారిలో చాలామందికి నొప్పి సమయంలో ఎంతో కొంత కన్నీరు, ముక్కు దిబ్బడ ఉంటాయి. తేడా మోతాదులోను, పక్షంలోను ఉంది: మైగ్రేన్‌లో అవి తక్కువగా, తరచూ రెండు వైపులా, ఒక నొప్పికి వచ్చి మరో నొప్పికి రాకుండా ఉంటాయి. క్లస్టర్‌లో అవి కొట్టొచ్చినట్టు, ఎప్పుడూ ఆ ఒక్క వైపే ఉంటాయి.

ఒకావిడ ఇంటర్నెట్‌లో క్లస్టర్ గురించి చదివి, తనకూ కంటి నీరు వస్తుంది కాబట్టి అదేనని నమ్మి ఎంతో భయంతో వచ్చారు. అడగగా ఆవిడ నొప్పి ఉదయం మొదలైతే రాత్రి దాకా ఉంటుంది, నెలకు మూడుసార్లు వస్తుంది, ఆ సమయమంతా ఆవిడ చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. నీరు రెండు కళ్లలోనూ వస్తుంది. అది మైగ్రేన్. ఒక్క కన్నీటి గుర్తును పట్టుకుని వెళ్లి ఉంటే ఆవిడకు అక్కర్లేని మందులు మొదలయ్యేవి.

దీనికి తలకిందులుగా, క్లస్టర్‌లోనూ వికారం, వెలుతురు పడకపోవడం ఉండవచ్చు. అవి ఉన్నాయి కాబట్టి మైగ్రేనే అనడానికి వీల్లేదు.

రోజూ రాత్రి ఒకే సమయానికి నొప్పి నిద్ర లేపుతోంది. ఇది మామూలేనా?

క్లస్టర్‌లో ఇది ఎంతో తెలిసిన సంగతి. నిద్ర పట్టిన గంటకో రెండు గంటలకో, అలారం పెట్టినట్టు దాడి వస్తుంది. ఏడాదిలో కూడా అదే నెలలలో విడత మొదలవడం కొందరిలో కనిపిస్తుంది. శరీరపు గడియారం మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో ఉంటుంది. 1998లో లండన్‌లో దాడి నడుస్తుండగా తీసిన మెదడు చిత్రాలలో నొప్పి ఉన్న వైపు హైపోథాలమస్ ప్రాంతమే చురుకుగా కనిపించడంతో, ఈ సమయపాలనకు ఒక ఆధారం దొరికింది. మైగ్రేన్ కూడా తెల్లవారుజామున లేపవచ్చు గాని, అది వరుసగా ఇరవై రాత్రులు ఒంటిగంటకే రాదు.

ఒక కేసును వివరంగా చెప్పగలరా?

ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతాను. 36 ఏళ్ల వ్యక్తి, అనంతపురం వైపు వారు, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, రోజుకు పది సిగరెట్లు అలవాటు. మూడేళ్లుగా దీపావళి దాటాక ఎడమ కంటి వెనక నొప్పి మొదలై, ఐదారు వారాలు పీడించి పోతోంది. మొదటి ఏడు ముక్కు దిబ్బడ చూసి సైనస్ అన్నారు, యాంటీబయాటిక్స్ వాడారు. విడత ముగిసి నొప్పి తగ్గితే ఆ మందులవల్లే తగ్గిందనుకున్నారు. రెండో ఏడు నొప్పి పై దవడలోకి కూడా పాకడంతో ఒక పంటికి రూట్ కెనాల్ జరిగింది. మూడో ఏడు మైగ్రేన్ అన్నారు, సుమాట్రిప్టాన్ మాత్రలు ఇచ్చారు.

ఆయన నాతో మొదట అన్న మాట, మాత్ర పనిచేస్తోందని. వేసుకున్న గంటకు నొప్పి పోతోందట. నేను కాగితం ఇచ్చి, సమయాలు రాయమని పంపాను. పదకొండు రోజులలో పద్నాలుగు దాడులు రాశారు. చిన్నది 40 నిమిషాలు, పెద్దది 80 నిమిషాలు. వాటిలో పది దాడులకు రాత్రి ఒంటిగంటకూ ఒకటిన్నరకూ మధ్య మెలకువ వచ్చింది. మాత్ర దొరకని మూడు దాడులు కూడా దాదాపు గంటలోనే ముగిశాయి. మింగిన మాత్ర రక్తంలోకి చేరి పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఆయన దాడి సహజంగా ముగిసేదీ అప్పుడే. మాత్ర చేయని పనికి మాత్రకు పేరు వచ్చింది. ఈ పొరపాటు వల్లే మూడో ఏటి రోగనిర్ధారణ కూడా తప్పని ఎవరికీ అనిపించలేదు.

ఆయన భార్య మరో రెండు సంగతులు చెప్పారు. "ఆయన ఒక్క క్షణం పడుకోరండీ, బాల్కనీలో తిరుగుతూనే ఉంటారు. పిలిచినా పలకరు" అన్నారు. ఒక రాత్రి ఫోన్‌లో తీసిన ఫోటో కూడా చూపించారు. అందులో ఎడమ కన్ను ఎర్రగా, రెప్ప సగం వాలి, చెంప తడిసి ఉంది. కుడి కన్ను మామూలుగా ఉంది. అడిగితే మరొకటి బయటపడింది: ఆ వారాలలో కాస్త బీరు తాగినా అరగంటలో నొప్పి మొదలవుతుంది, మిగతా పది నెలల్లో ఎంత తాగినా ఏమీ కాదు. విడత సమయంలో మాత్రమే మద్యం గంటలోపు దాడిని లేపడం క్లస్టర్‌కు చాలా అనుకూలమైన గుర్తు.

పిట్యూటరీ గ్రంథి కూడా కనిపించేలా మెదడు ఎమ్మారై తీయించాము, మామూలుగా ఉంది. ఈసీజీ చూసి, దాడులు రాకుండా ఆపే వెరాపమిల్ మొదలుపెట్టి, అది పట్టు సాధించేలోపు అడ్డుకట్టగా కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇచ్చాము, దాడులకు ఆక్సిజన్ రాశాము. దాడులు వారంలో పలచబడ్డాయి. ఆ విడత ఎలాగూ ముగింపుకు వచ్చి ఉండవచ్చు కాబట్టి అదంతా మందుల ఘనతే అనను. కానీ ఆక్సిజన్ పెట్టుకున్న దాడులు చాలావరకు పావుగంటలో ఆగిపోవడం కాగితం మీదే కనిపించింది.

పేరు ఏదైతేనేం, నొప్పి మాత్ర వేసుకుంటే సరిపోదా?

సరిపోదు, రెండింటికీ వైద్యం దాదాపు వేరు. మైగ్రేన్‌కు నొప్పి మొదలైన తొలి గంటలోనే నాప్రోక్సెన్ వంటి మాత్రనో, సుమాట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్ మాత్రనో వేసుకుంటే పనిచేస్తుంది. దాడికి గంటలకొద్దీ వ్యవధి ఉంది కాబట్టి మాత్రకు సమయం దొరుకుతుంది. తరచుగా వచ్చేవారికి ప్రొప్రనోలాల్, అమిట్రిప్టిలిన్ వంటి నివారణ మందులు రోజూ వాడతాము. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు 10 రోజులు దాటి నెలల తరబడి వాడితే, మందే తలనొప్పికి కారణమవుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

క్లస్టర్ దాడి పావుగంటలోనే శిఖరానికి చేరుతుంది. పారాసెటమాల్ దానికి ఏమీ చేయదు. అందుకే ముక్కు, నోరు మూసే మాస్కుతో ఆక్సిజన్, లేదా చర్మం కింద 6 మిల్లీగ్రాముల సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ వాడతాము. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి ఆ ఇంజెక్షన్ పనికిరాదు. పొగతాగే మధ్యవయసు మగవారే ఎక్కువగా ఉండే ఈ జబ్బులో దీన్ని తేలికగా తీసుకోకూడదు. నివారణకు వాడే వెరాపమిల్ గుండెలో విద్యుత్ ప్రసారాన్ని మందగింపజేయగలదు కాబట్టి, మోతాదు పెంచినప్పుడల్లా ఈసీజీ తీయించాలి. ఈసీజీ అడగకుండా మోతాదు పెంచుతుంటే మీరే అడగండి.

ఆడవారికి క్లస్టర్ రాదంటారు, నిజమేనా?

నిజం కాదు. మగవారిలో ఎక్కువ, అంతే. ఆ నమ్మకం వల్ల ఆడవారిలో దీన్ని గుర్తించడం మరింత ఆలస్యమవుతోంది. కొలత, ప్రవర్తన, కంటి గుర్తులు ఎవరిలోనైనా ఒకటే.

రెండూ కాకుండా మరేదైనా కావచ్చా?

కావచ్చు. దాడులు 2 నుంచి 30 నిమిషాలే ఉండి, రోజుకు ఐదుకు మించి వస్తుంటే పారాక్సిస్మల్ హెమిక్రేనియా అనే జబ్బును తలచుకోవాలి. చూపుకు అచ్చం క్లస్టర్‌లాగే ఉంటుంది, కానీ ఇండోమెథసిన్ అనే మందుకు పూర్తిగా లొంగుతుంది. క్లస్టర్ సాధారణంగా లొంగదు.

ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. కన్ను ఎర్రబడి నొప్పితో పాటు చూపు మసకబారి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగే గ్లాకోమా కావచ్చు. కంటి ఆసుపత్రికి అదే రోజు, అదే పూట వెళ్లాలి. దానిలో కనుపాప పెద్దదై వెలుతురుకు సరిగ్గా కదలదు, క్లస్టర్‌లోనైతే చిన్నదవుతుంది. మెడ నొప్పితో కలిసి కొత్తగా రెప్ప వాలితే మెడలోని రక్తనాళపు గోడ చీలిందేమో చూడాలి. యాభై దాటాక మొదటిసారి వచ్చిన కణత నొప్పి, క్షణాలలో పతాక స్థాయికి చేరిన నొప్పి, జ్వరంతోనో మాట తడబాటుతోనో వచ్చిన నొప్పి, ఇవన్నీ డైరీ రాసుకుంటూ ఎదురుచూడవలసినవి కావు.

ఆక్సిజన్ ఇంట్లో పెట్టుకోవచ్చా? కోవిడ్ నాటి యంత్రం మా ఇంట్లో ఉంది.

ఆ యంత్రాలలో చాలావరకు నిమిషానికి 5 లీటర్లే ఇస్తాయి, క్లస్టర్‌కు అది చాలదు. 2009లో ప్రచురించిన పరీక్షలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు ఇచ్చినప్పుడు 78 శాతం దాడులలో మంచి ఉపశమనం కనిపించింది, మామూలు గాలి ఇచ్చిన దాడులలో అది 20 శాతమే. "ఆక్సిజన్ వాడాం, పనిచేయలేదు" అని వచ్చినవారిని విచారిస్తే, ఎక్కువసార్లు ముక్కులో పెట్టే సన్నని గొట్టంతో 3 లీటర్లో 4 లీటర్లో ఇచ్చి ఉంటారు. ఆక్సిజన్ నింపుకునే సంచి ఉన్న, వదిలిన ఊపిరి తిరిగి లోపలికి రాని మాస్కు కావాలి. దాడి మొదలైన వెంటనే కూర్చుని, కాస్త ముందుకు వంగి పెట్టుకోవాలి.

బి టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు పడుతుంది. ఒక దాడికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు అంటే 180 లీటర్లు, కాబట్టి ఒక సిలిండర్ ఎనిమిది దాడులకు వస్తుంది. రోజుకు మూడు దాడులు ఉన్నవారికి అది మూడు రోజులు కూడా నిండా రాదు. అందుకని విడత మొదలవగానే, నింపి తెచ్చే సరఫరాదారుతో ముందే మాట్లాడి, రెండోది సిద్ధంగా ఉంచుకోవడం మేలు. రెగ్యులేటర్ 12 నుంచి 15 లీటర్ల వరకు తెరుచుకునేదేనా అని తీసుకునేటప్పుడే చూడండి. పొగతాగేవారికి దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉంటే వైద్యుడికి చెప్పకుండా ఆక్సిజన్ మొదలుపెట్టకూడదు. సిలిండర్ ఉన్న గదిలో సిగరెట్, అగరుబత్తి, దీపం ఏవీ వెలిగించకూడదు, పూజగది పక్కన దాన్ని నిలబెట్టకూడదు.